గడ్డానికీ గుండీకీ మధ్య

పాతకాలపు ఫోటో స్టూడియోల్లో అద్దం దగ్గర దువ్వెన, పౌడరు డబ్బా, పక్కన మేకుకు ఒక నల్లకోటు, ముందే ముడి వేసి ఉంచిన టై ఉండేవి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్లు, పెళ్లి సంబంధానికి ఫోటో పంపాల్సినవాళ్లు వచ్చి ఆ కోటే తొడుక్కుని కెమెరా ముందు కూర్చునేవారు. కోటు వదులైతే వెనక పిన్నీసు పెట్టి బిగించేవారు. ఎంత వదులైనా అది నిజంగా ఒంటి మీద ఉన్న బట్ట. భుజం వాలిన చోట వాలేది, మెడ తిరిగినవైపు తిరిగేది, గదిలోని దీపం ముఖం మీద ఎటు నుంచి పడితే దాని మీదా అటు నుంచే పడేది.

ఇప్పుడు ఆ కోటు కంప్యూటర్లో ఒక ఫోల్డరైంది. తల లేని కోట్లు, చొక్కాలు వందల కొద్దీ అందులో ఉంటాయి. టీ షర్టుతో వచ్చిన మనిషి తలను కత్తిరించి ఏదో ఒక చొక్కా మీద పెడితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలో అది ఎవరి కంటా పడదు కూడా. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఆ ముక్కలో కాలరు గోరంత కూడా ఉండదు. అదే ఫోటోను గోడకు పెట్టే ఫ్రేము సైజుకు పెంచితే మాత్రం మనిషి ఎక్కడో, చొక్కా ఎక్కడో అన్నట్టు ఉంటుంది. చూసేవాళ్లు తప్పు ఇదీ అని చెప్పలేకపోవచ్చు. ‘ఏదో తేడాగా ఉంది’ అని మాత్రం అంటారు. ఆ తేడా ఎక్కువసార్లు గడ్డానికీ పై గుండీకీ మధ్యనున్న కొద్దిపాటి జాగాలోనే ఉంటుంది.

ఒకరి తలను ఇంకొకరి దుస్తులకు అతికించడం ఫోటోగ్రఫీకి కొత్తేమీ కాదు. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఠీవిగా నిలబడి ఉన్న ఒక ముద్రణ చిత్రం 1860ల నుంచి ప్రచారంలో ఉంది. అందులో తల మాత్రమే లింకన్‌ది, అదీ మాథ్యూ బ్రాడీ స్టూడియోలో తీసిన ఫోటో నుంచి తెచ్చినది. ఒళ్లు, దుస్తులు జాన్ సి. కాల్హౌన్ అనే మరో రాజకీయ నాయకుడివి. 1852 నాటి ఆయన చిత్రంలోంచి వాటిని తీసుకున్నారు. స్టెఫాన్ లోరాంట్ అనే చిత్ర సంపాదకుడు ఈ గుట్టును పట్టుకున్నది లింకన్ చెంప మీది పుట్టుమచ్చ వల్ల. ఒంటికి తగ్గట్టు తలను అటుదిటుగా తిప్పడంతో మచ్చ రెండో చెంపకు వెళ్లిపోయింది. ఈ కుడి ఎడమల చిక్కు ఇప్పటి చొక్కా మార్పిడిలోనూ ఉంది. దాని సంగతి కొంచెం తర్వాత.

స్టూడియోలకు తరచూ వచ్చే ఒక అవసరాన్ని తీసుకుని ఈ పని ఎలా సాగుతుందో చూద్దాం. ఇంటి పెద్దాయన పోయారు. పెద్దకర్మ నాటికి 12×18 అంగుళాల ఫోటో కావాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఇస్త్రీ చొక్కా తప్ప వేసుకోలేదు. కానీ ముఖం చక్కగా, నవ్వుతూ ఉన్న ఫోటో ఒక్కటే దొరికింది, అది మనవడి పుట్టినరోజున ఫోన్‌లో తీసినది. అందులో ఆయన ఒంటి మీద ఎర్రటి గుండ్రమెడ టీ షర్టు ఉంది. ‘ముఖం ఇదే ఉండాలి, చొక్కా మార్చండి’ అని కొడుకు అడుగుతాడు.

మొదట చూసుకోవలసింది ఫోటోలో ఎంత సరుకు ఉందన్నది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనో, ఫోనే తెమ్మనో అడగాలి. అసలు ఫైలు 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. చుట్టూ ఉన్న జనాన్ని వదిలేసి పెద్దాయనను నడుము దాకా కత్తిరిస్తే 2400, 3600 పిక్సెళ్లు మిగులుతాయి. 12×18కి అంటే అంగుళానికి 200 పిక్సెళ్లు. గోడ మీది ఫోటోకు అది చాలు.

రెండోది చొక్కా. ఫోల్డరులోని చొక్కాల్లో చాలావరకు అమ్మకం కోసం బొమ్మకు తొడిగి తీసినవి. భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, వెలుగు రెండువైపుల నుంచీ సమానంగా పడుతుంది, మెడ ఖాళీగా ఉండి కాలరు లోపలి లేబుల్ కనిపిస్తుంది. పుట్టినరోజు ఫోటోలో పెద్దాయన కిటికీ పక్కన నిలబడి, ఒక భుజం కాస్త దించి, తల కొద్దిగా కుడికి తిప్పి ఉన్నారు. ఈ రెండింటినీ కలపాలంటే బొమ్మ చొక్కాను అడుగడుగునా వంచాలి. ఇంట్లో ఆయన చొక్కా ఉండనే ఉంటుంది గదా! ‘నాన్నగారు వేసుకున్న చొక్కా ఏదైనా ఉందాండీ?’ అన్న ఒక్క ప్రశ్నతో సగం పని తేలికవుతుంది. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న తమ్ముడో కొడుకో ఆ చొక్కా తొడుక్కుని, అదే కిటికీ పక్కన, అదే భంగిమలో నిలబడితే నాలుగైదు ఫోటోలు తీసుకోవచ్చు. ఆయన వేసుకున్న చొక్కాయే ఫోటోలోకి రావడం ఇంటివాళ్లకు ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అలా తీసేటప్పుడు పాత ఫోటోలోంచి రెండు విషయాలు చదవాలి. ఒకటి వెలుగు. ముక్కు నీడ ఏ వైపు పడింది, కంటి నల్లగుడ్డులో తెల్లటి మెరుపు ఏ పక్కన ఉంది అని చూస్తే కిటికీ ఎటుందో తెలిసిపోతుంది. రెండోది కెమెరా ఎత్తు. ఎవరైనా పొడుగాటి మనిషి నిలబడి తీస్తే కెమెరా కంటి ఎత్తులో ఉంటుంది. కాలరు అంతకు ఒక జానెడుకు పైగా కిందుంటుంది కాబట్టి దాన్ని పైనుంచి చూసినట్టవుతుంది. అప్పుడు మెడ చుట్టూ తిరిగే కాలరు అంచు ముందువైపు కిందికి వంగిన విల్లులా కనిపిస్తుంది. మనవడు తన ఎత్తు నుంచి తీస్తే అదే అంచు తిన్నగానో, పైకి వంగినట్టో ఉంటుంది. ముఖాన్ని పైనుంచి, కాలరును కిందినుంచి చూసినట్టున్న ఫోటోలో తల ముందుకు పడిపోతున్నట్టు ఉంటుంది. దీన్ని తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి చొక్కాను ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

కెమెరా దూరం కూడా ఇలాంటిదే. చేయి చాచి తీసుకున్న సెల్ఫీలో ముఖం పెద్దదిగా, భుజాలు ఇరుకుగా పడతాయి. రెండు మీటర్ల దూరం నుంచి తీసిన చొక్కాను దానికి తొడిగితే తల బరువెక్కినట్టు కనిపిస్తుంది.

ఇక కొలత. చొక్కాను ఎంత పెద్దది చేయాలన్నది చాలామంది భుజాలు చూసి నిర్ణయిస్తారు. భుజాలు మనిషి మనిషికీ మారతాయి, టీ షర్టు కింద అవి అసలు ఎక్కడున్నాయో కూడా సరిగ్గా తెలియదు. ఇంతకంటే నమ్మదగిన కొలబద్ద చొక్కా మీదే ఉంది, అది గుండీ. ఫార్మల్ చొక్కా ముందు గుండీలు దాదాపు అన్నీ 11 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అంటే గుండీ వెడల్పు ఆ దూరంలో ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. పెద్దాయన ఫోటోలో పాపల మధ్య 250 పిక్సెళ్లు వచ్చాయనుకుంటే ఒక సెంటీమీటరుకు సుమారు 40 పిక్సెళ్లు, గుండీకి 44. చొక్కా ఫోటోలో గుండీ 60 పిక్సెళ్లు వస్తే చొక్కాను ఆ మేరకు తగ్గించాలి. పాపల దూరం మనిషిని బట్టి కొంత మారుతుంది, సెల్ఫీల్లో ఈ లెక్క కుదరదు. అయినా గుండీ ఇరవైకో ముప్పైకో పడిపోతే చొక్కా చిన్నపిల్లాడిదైనట్టే.

ఇప్పుడు అసలు చోటికి, మెడ దగ్గరికి వద్దాం.

గుండ్రమెడ టీ షర్టు అంచు మెడ మొదట్లో, రెండు మెడ ఎముకలు కలిసే గుంటకు కాస్త పైనో కిందో ఆగుతుంది. ఫార్మల్ చొక్కా కాలరు అక్కడి నుంచి పైకి లేస్తుంది. దర్జీలు కాలరును రెండు ముక్కలుగా కుడతారు. మెడను చుట్టుకుని నిలబడే పట్టీ ఒకటి, దాని మీదినుంచి కిందికి మడిచే ఆకు ఇంకొకటి. పట్టీ వెనకవైపు మూడు, మూడున్నర సెంటీమీటర్ల ఎత్తుండి ముందుకు వచ్చేసరికి తగ్గుతుంది. మెడ కూడా నిటారైన గొట్టం కాదు, కిందినుంచి పైకి పోయేకొద్దీ ముందుకు వాలి ఉంటుంది. అందుకే కాలరు వెనక ఎత్తుగా, ముందు పల్లంగా కూర్చుంటుంది. తల లేని చొక్కాను తెచ్చి మెడ మీద అతికించేవారు ఈ చుట్టును మరిచిపోతారు. చొక్కా మొత్తాన్ని ఒకే లేయరుగా ముఖం మీద పెడితే కాలరు మెడ ముందు నిలబెట్టిన అట్టముక్కలా ఉంటుంది. ముఖం కింద పెడితే మెడ చొక్కా మీద దిగేసిన దుంగలా ఉంటుంది.

చేయవలసిన పని చొక్కాను రెండుగా విడదీయడం. ఆకులు, పట్టీ ముందు భాగం, గుండీలు, భుజాలు అన్నీ ఒక లేయరు. మెడకు రెండు పక్కలా సందులోంచి కనిపించే కాలరు వెనక లోపలి భాగం ఇంకో లేయరు. వెనకది అడుగున, దాని మీద పెద్దాయన తల, మెడ, ఆ పైన ముందు భాగం. మెడ ఈ రెండింటి నడుమ దూరినప్పుడే కాలరు చుట్టూ తిరిగినట్టు అనిపిస్తుంది. లేబుల్ కనిపించే చొక్కా అయితే మెడ దాన్ని ఎలాగూ కప్పేస్తుంది, పక్కల నుంచి తొంగిచూసే అక్షరాలు ఉంటే చెరిపేయాలి. కత్తిరించడానికి కాలరు అంచుల దగ్గర పెన్ టూల్ వాడాలి. కాలరు లోపల బక్రం పెట్టి గట్టిగా కుడతారు గదా, దాని అంచు గీత గీసినట్టు తెగి ఉండాలి. మెత్తటి బ్రష్‌తో చెరిపితే ఇస్త్రీ చొక్కా కాస్తా ఉతికి పిండిన చొక్కా అవుతుంది.

మెడకూ కాలరుకూ నడుమ ఒకటి రెండు వేళ్లు పట్టే సందు ఉండడం మామూలు. ఫోటోలో అది వెలుగుకు ఎదురువైపు సన్నటి చీకటిగా కనిపిస్తుంది. అది లేకపోతే కాలరు చర్మానికి జిగురుతో అంటించినట్టు ఉంటుంది. కాలరు లేయరుకు దిగువన, మెడ మీద ఒక కొత్త లేయరు వేసి, దాని మోడ్ Multiply చేసి, మెడ నీడలోంచే తీసుకున్న రంగుతో సన్నగా గీయాలి. నల్లరంగుతో గీస్తే మసి అంటినట్టు ఉంటుంది. చర్మం మీది నీడ ఎప్పుడూ చర్మం రంగులోనే చిక్కబడుతుంది.

గడ్డం నీడ ఇంతకంటే పెద్దది. పెద్దాయన గడ్డం నీడ మెడ మీద ఒక పక్కకు వాలి, టీ షర్టు అంచు దాకా దిగింది. కొత్తగా కాలరు అంత ఎత్తున వచ్చి కూర్చుంటే ఆ నీడలో కొంత కాలరు ఆకు మీద కూడా పడాలి. అది పడకపోతే మెడ మీద నీడ కాలరు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. చూసేవాళ్ల మనసుకు ‘అతికించారు’ అని చెప్పే గుర్తుల్లో ఇదే మొదటిది. కాలరు మీద పడే నీడను కూడా Multiply లేయరులోనే వేయాలి, రంగు మాత్రం ఆ చొక్కా మడతల్లోని నీడ నుంచి తీసుకోవాలి.  నీడ దూరం పోయేకొద్దీ అంచు మెత్తబడుతుంది, గడ్డానికి దగ్గరున్న చోట కొంచెం బిగువుగా ఉంటుంది.

దీని తర్వాతది చాలామంది ఆపరేటర్లు దాటేసిపోయేది. ఎర్ర టీ షర్టు తీసేశాక కూడా ఎరుపు ఫోటోలోనే ఉంటుంది. బట్ట మీద పడ్డ వెలుగు పైకి తిరిగి దవడ అడుగున, గడ్డం కింద, మెడ పక్కన పడుతుంది. వస్తూ బట్ట రంగును వెంట తెస్తుంది. టీ షర్టు ఉన్నంతసేపు అది కంటికి సహజంగా ఉంటుంది, తెల్లచొక్కా పెట్టగానే మెడ కమిలినట్టు ఎర్రబడి కనిపిస్తుంది. కొత్త లేయరు మోడ్‌ను Color చేసి, చెంప పక్కనో చెవి కిందో ఉన్న మామూలు చర్మం రంగు తీసుకుని, 15 నుంచి 20 శాతం బలంతో దవడ కింద నెమ్మదిగా పూయాలి. Color మోడ్‌లో నీడలూ గీతలూ చెదరవు, రంగే మారుతుంది. అక్కడితో ఆగకూడదు. తెల్లచొక్కా ఎర్ర టీ షర్టు కంటే చాలా ఎక్కువ వెలుగును పైకి కొడుతుంది. కాబట్టి నిజంగా తెల్లచొక్కా వేసుకుని ఉంటే దవడ అడుగు భాగం ఇంకొంచెం తేటగా ఉండేది. Curves లేయరుతో ఆ భాగాన్ని మాత్రమే కొద్దిగా పైకి లేపాలి. ‘కొద్దిగా’ అన్నది గట్టిగా చెప్పుకోవాల్సిన మాట. గడ్డం నీడ పోయేంత లేపితే ముఖం పలకలా చదునవుతుంది.

పై గుండీ పెట్టిన చొక్కా అయితే కాలరు మెడను మూసేస్తుంది, కొత్తగా చర్మం తయారు చేయాల్సిన పని ఉండదు. ఇంట్లో మాత్రం పై గుండీ తీసే ఆయనకు అలవాటనీ, మూస్తే ఆయనలా ఉండరనీ కొడుకు చెప్పవచ్చు. అది నిజమైన మాటే, దాన్ని వినాలి. గుండీ తీస్తే కోణంలా తెరుచుకున్న చోట ఇంతకుముందు టీ షర్టు ఉంది, అక్కడ చర్మం లేదు. Clone Stampతో మెడ నుంచి చర్మాన్ని తెచ్చి నింపాలి. గొంతు గుంటలో చిన్న నీడ, చెవి వెనక నుంచి ఆ గుంట దాకా దిగే రెండు కండరాల చివరలు లీలగా కనిపించాలి. ఎండన పడి తిరిగే మన ప్రాంతపు మనుషులకు మెడ కన్నా ఛాతీ పైభాగం లేతగా ఉంటుంది, ఆ రంగు మార్పు ఎక్కడ మొదలవుతుందో పాత ఫోటోల్లో వెతికి చూసుకోవచ్చు. కుదిరితే ఆయనదే కాలరు తెరిచి ఉన్న మరో ఫోటో నుంచి ఆ ముక్క తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. అది మసకగా ఉన్నా ఫరవాలేదు, గొంతు గుంట ఎక్కడుందో చెబితే చాలు.

మెడలో గొలుసో, రుద్రాక్షో ఉంటే పూర్తిగా ఉంచాలి, లేదా పూర్తిగా తీయాలి. పక్కనుంచి రెండు పూసలు కనిపించి కాలరు దగ్గర మాయమయ్యే గొలుసు చాలా ఫోటోలను పాడుచేస్తుంది.

కుడి ఎడమల సంగతి ఇక్కడ వస్తుంది. ఎంచుకున్న చొక్కా మీద వెలుగు ఎడమనుంచి, ముఖం మీద కుడినుంచి ఉంటే ఫోటోషాప్‌లో Flip Horizontal నొక్కి తిప్పేయడం చాలామంది చేసే పని. వెలుగు కుదురుతుంది గానీ చొక్కా తిరగబడుతుంది. మగవాళ్ల చొక్కాలో కాజాలున్న ఎడమ పట్టీ గుండీలున్న కుడి పట్టీ మీదికి వస్తుంది, జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. తిప్పితే జేబు కుడివైపుకు పోతుంది, గుండీ పట్టీ ఆడవాళ్ల చొక్కాలా పడుతుంది. రోజూ చొక్కా తొడుక్కునే ఎవరికైనా ఇది తెలిసిపోతుంది. ఎదురుగా చూసే మనకు ఆయన జేబు కుడిచేతి వైపు కనిపించాలి. అందుకని చొక్కాను తిప్పకుండా వెలుగునే మార్చుకోవాలి, అంటే Curvesతో ఒక వైపు తగ్గించి మరో వైపు పెంచాలి. అసలు ఫోటోలోని కిటికీ దగ్గరే చొక్కాను తీసుకుని ఉంటే ఈ బాధే ఉండదు.

మడతల దగ్గర జరిగే పొరపాటు వేరే రకం. టీ షర్టు మీది మడతలనే కొత్త చొక్కా మీదికి దించితే సహజంగా ఉంటుందని కొందరు అనుకుంటారు, ఆ మడతలను ఒక లేయరుగా తీసి చొక్కా మీద కలిపేస్తారు. టీ షర్టు అల్లిన బట్ట. దాని దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది కాబట్టి సాగుతుంది, దాని మడతలు గుండ్రంగా, మెత్తగా జారుతాయి. ఫార్మల్ చొక్కా పాప్లిన్ లాంటి నేసిన బట్ట. నిలువు పోగూ అడ్డం పోగూ గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి పోగుల వెంట లాగితే పెద్దగా సాగదు. సాగని బట్ట వంగాల్సి వచ్చినప్పుడు కోణంగా విరుగుతుంది, మడత అంచు పదునుగా ఉండి ఒక పక్క వెలుగు, మరో పక్క నీడ స్పష్టంగా విడిపోతాయి. టీ షర్టు మడతలు వేసుకున్న తెల్లచొక్కా బనియనుకు గుండీలు కుట్టినట్టే ఉంటుంది. కాబట్టి చొక్కా మడతలు చొక్కావే ఉండాలి. మనిషి భంగిమకు అవి సరిపోతున్నాయా అన్నది మాత్రమే చూడాలి.

సరిపోవడం అంటే, మడత ఊరికే పుట్టదు. బట్టను ఏదో ఒకటి పట్టి లాగినప్పుడో, రెండు వైపుల నుంచీ నొక్కినప్పుడో వస్తుంది. చేతులు కిందికి దించి నిలబడిన మనిషి చొక్కాలో చంక దగ్గర మొదలై ఏటవాలుగా జేబు వైపు పోయే మడతలు రెండో మూడో ఉంటాయి. భుజం కుట్టు దగ్గర బట్ట బిగువుగా, దాదాపు నున్నగా ఉంటుంది. బొజ్జ ఉన్నవారికి గుండీల నుంచి పక్కలకు లాగిన గీతలు వస్తాయి. పెద్దాయన ఒక భుజం దించి ఉన్నారు కాబట్టి ఆ వైపు చంక కింద బట్ట నలిగి మడతలు ఎక్కువ కావాలి, రెండో వైపు తక్కువ. చొక్కా ఫోటోలో రెండు వైపులా ఒకేలా ఉంటే దించిన వైపు Warpతో వంచి, ఒకటి రెండు మడతలను మరో ఫోటో నుంచి తెచ్చి చేర్చాలి. నాలుగైదు ఫోటోలు తీసుకోమన్నది ఇందుకే.

Warp వాడేటప్పుడు ఒక హద్దు పెట్టుకోవాలి. భుజాలను, పక్కలను వంచవచ్చు. కాలరును మాత్రం సాగదీయకూడదు. కాలరు ఆకు మొన దాకా పొడవు మామూలుగా ఏడు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, రెండు ఆకులూ ఒకే కొలతలో కుట్టి ఉంటాయి. తల తిరిగిన మేరకు ఒకటి కాస్త కురచగా కనిపించడం సహజం. అంతకు మించి ఒక మొన పొడవైతే అది దర్జీ తప్పులా ఉంటుంది. మెడకు కాలరు ఇరుకనిపిస్తే కాలరును లాగకుండా చొక్కా మొత్తాన్ని నాలుగైదు శాతం పెంచి, భుజాలను వెనక్కి తెచ్చుకోవాలి. మొదలుపెట్టేముందే చొక్కా లేయరును Convert to Smart Object చేసుకుంటే ఎన్నిసార్లు వంచినా, చిన్నది పెద్దది చేసినా నాణ్యత తగ్గదు, ముందు చేసిన వంపును మళ్లీ తెరిచి దిద్దుకోవచ్చు. గీతల చొక్కా, గళ్ల చొక్కా అయితే ప్రతి వంపూ గీతలో బయటపడుతుంది. అందుకే అనుభవమున్నవారు ఒకే రంగు చొక్కా అడుగుతారు.

చొక్కా టీ షర్టును పూర్తిగా కప్పని చోట్లు కూడా ఉంటాయి. భుజం అంచున ఎర్రటి గీతలా, మోచేతి పైన ముక్కలా అది మిగిలిపోతుంది. ఆ చోట వెనకనున్న గోడను Clone Stampతో నింపాలి. ఎరుపు అంచు ఒక్క పిక్సెలు మిగిలినా ముద్రణలో కనిపిస్తుంది.

చివరగా బట్ట గుణం. చొక్కా నిజమైన బట్టలా కనిపించాలని దాని మీద నేత గీతల బొమ్మను పరిచేవారున్నారు. లెక్క వేస్తే ఇది ఎంత తప్పో తెలుస్తుంది. ఈ ఫోటోలో సెంటీమీటరుకు 40 పిక్సెళ్లు అనుకున్నాం. మంచి పాప్లిన్‌లో సెంటీమీటరుకు నిలువు పోగులే నలభైకి పైగా ఉంటాయి. అంటే ఒక పోగుకు ఒక పిక్సెలు కూడా రాదు. అసలు కెమెరాకే కనిపించని నేతను మనం పైన పరిస్తే అది గోనెపట్టాలా మారుతుంది. ఈ దూరంలో పాప్లిన్‌ను పాప్లిన్ అని చెప్పేవి మడతల పదును, కాలరు అంచున నడిచే కుట్టు గీత, గుండీ పక్కన బట్ట లేచిన చిన్న నొక్కు. ఇవి చెరిగిపోకుండా చూస్తే చాలు. ముతక నేత ఉన్న ఆక్స్‌ఫర్డ్ బట్టలోనో, ఖద్దరులోనో నేత కొంత కనిపించవచ్చు, అదీ ఫోటోలో దానంతటది ఉన్నంత వరకే.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. చొక్కా మరీ స్పష్టంగా, ముఖం మసకగా ఉండడం. పుట్టినరోజు ఫోటో సాయంత్రం ఇంట్లో ఫోన్‌తో తీసినది, కాబట్టి ముఖం మీద చిన్న గరుకుదనం ఉంటుంది, అంచులు కాస్త మెత్తగా ఉంటాయి. చొక్కాను పగటి వెలుగులో మంచి కెమెరాతో తీసి ఉంటే అది కొత్త నాణెంలా మెరుస్తుంది. చొక్కా లేయరు మీద Gaussian Blur అర పిక్సెలు నుంచి ఒక పిక్సెలు వరకు ఇచ్చి, తర్వాత Add Noiseలో Monochromatic గుర్తు పెట్టి ఒకటి రెండు శాతం గరుకుదనం చేర్చాలి. ఫోటోను 200 శాతానికి పెంచి చెంపనూ కాలరునూ పక్కపక్కన చూస్తూ ఈ పని చేయాలి. ముఖాన్ని చొక్కా స్థాయికి పదును పెట్టాలని చూడకూడదు. ఇంటివాళ్లు చూసేది ముఖాన్ని, దాన్ని తాకకుండా ఉండడమే మంచిది.

తెల్లచొక్కా తెలుపుకు కూడా హద్దుంది. కంప్యూటర్ లెక్కలో పూర్తి తెలుపు 255. అక్కడికి చేరిన చోట బట్ట ఉండదు, ఖాళీ కాగితం ఉంటుంది. అత్యంత తెల్లని చోటు 240 దగ్గర ఆగి, మడతల లోతులు 180, 200 మధ్య ఉంటే ముద్రణలో బట్ట బట్టలా వస్తుంది. వెనక గోడ కూడా తెల్లగా ఉంటే భుజం అంచు గోడలో కలిసిపోతుంది. పాస్‌పోర్ట్ ఫోటోలకు ముదురు చొక్కా వేసుకు రమ్మని స్టూడియోవాళ్లు చెప్పేది ఇందుకే.

పాస్‌పోర్ట్ మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. గుర్తింపు కోసం ఇచ్చే ఫోటోల్లో ఈ పని కూడని చోట్లున్నాయి. అమెరికా వీసాకు ఇచ్చే ఫోటోను కంప్యూటర్‌లో మార్చకూడదని అక్కడి విదేశాంగ శాఖ నిబంధనల్లోనే ఉంది. అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలు టీ షర్టు ఫోటోను చొక్కా ఫోటోగా మార్పించుకునే బదులు ఇంటికెళ్లి చొక్కా వేసుకొచ్చి మళ్లీ తీయించుకోవాలి. ఖర్చు కూడా అదే తక్కువ.

పెద్దాయన ఫోటో పూర్తయ్యాక ముద్రణకు ముందు మూడు రకాలుగా చూడాలి. మొదట రంగు తీసేసి నలుపు తెలుపులో. రంగు లేనప్పుడు నీడల తేడా వెంటనే తెలుస్తుంది, ముఖం కన్నా చొక్కా ఎక్కువ మెరుస్తుంటే అక్కడే కనిపిస్తుంది. తర్వాత ఫోటో మొత్తాన్ని తాత్కాలికంగా అటుదిటు తిప్పి. గంటల తరబడి చూసి అలవాటైపోయిన కన్ను అలా తిప్పగానే వంకర భుజాన్నీ, పక్కకు జరిగిన గుండీ వరుసనూ పట్టుకుంటుంది. ఆఖరున స్క్రీన్ మీద అరచేయంత సైజుకు తగ్గించి. అంత చిన్నగా ఉన్నప్పుడు ముఖం ముందు కనిపించాలి. కాలరు ముందు కనిపిస్తే దాని మీద గడ్డం నీడ చాలలేదన్నమాట.

ఆ తర్వాత మెడ, కాలరు ఉన్న ముక్కను మాత్రం అసలు సైజులోనే 4×6 కాగితం మీద ముద్రించి చూసుకోవాలి. స్క్రీన్ మీద తెలియని ఎరుపు, నీడలో ఆగిన గీత కాగితం మీద తెలుస్తాయి. దాన్ని కొడుకు చేతికి ఇచ్చి ‘కాలరు ఇలాగే వేసుకునేవారాండీ?’ అని అడిగి, ఆయన చెప్పిన దిద్దుబాటు చేసి 12×18 కాగితం ఎక్కించాలి. లేయర్లన్నీ విడివిడిగా ఉన్న పీఎస్‌డీ ఫైలును, టీ షర్టుతో ఉన్న అసలు ఫోటోను కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటివాళ్లకు ఇచ్చేయాలి. మనవడి పుట్టినరోజున ఎర్ర టీ షర్టులో నవ్విన తాతయ్య ఫోటో ఆ ఇంటికి అలాగే కావాలి.